టీఏను టైమ్ అడిగే మెయిల్‌లో ఏముండాలి?

అమెరికాలో ఎమ్మెస్‌కు చేరిన తెలుగు విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లోనే ఎదురయ్యే కొత్త ఏర్పాటు ఆఫీస్ అవర్స్. ప్రొఫెసర్ పాఠం చెబుతారు. హోంవర్క్ దిద్దడం, ల్యాబ్ చూసుకోవడం, విద్యార్థుల ప్రశ్నలకు జవాబివ్వడం వంటి పనుల్లో ఎక్కువ భాగం టీచింగ్ అసిస్టెంట్ మీద పడుతుంది. అందరూ అతన్ని టీఏ అంటారు. చాలాచోట్ల టీఏ కూడా అదే డిపార్ట్‌మెంట్‌లో చదువుతున్న సీనియరే. వారంలో ఫలానా రోజు, ఫలానా గంటలో ఒక గదిలోనో జూమ్‌లోనో కూర్చుంటాడు. ఆ గంటలో ఎవరైనా వెళ్లి అడగొచ్చు. ఆ సమయానికి వేరే క్లాసు ఉన్నవాళ్లు మెయిల్ రాసి విడిగా టైమ్ అడగొచ్చు.

చిక్కు ఆ మెయిల్ దగ్గరే మొదలవుతుంది. మన కాలేజీల్లో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ‘సార్, ఒక డౌటు’ అంటే చాలు, మిగతాది సార్ అడిగి తెలుసుకుంటారు. అదే అలవాటుతో, ‘అసైన్‌మెంట్ 3లో కొన్ని డౌట్లు ఉన్నాయి, దయచేసి కొంచెం టైమ్ ఇవ్వగలరు’ అని రాసి పంపేవాళ్లు ఎక్కువ. మర్యాదలో లోపం లేదు. కానీ చదివిన టీఏకు ఏమీ తెలియదు. ఏ ప్రశ్నో, ఎక్కడ ఆగిపోయారో, పది నిమిషాలు చాలా, గంట కావాలా? అవన్నీ అడుగుతూ తిరిగి రాయాలి. దానికి జవాబు వచ్చేసరికి ఒక రోజు పోతుంది. అసైన్‌మెంట్ గడువు మాత్రం ఆగదు.

టీఏ సమయం ఎంత ఇరుకో కూడా తెలుసుకోవాలి. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి, సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. పేపర్లు దిద్దడం, ల్యాబ్, ప్రొఫెసర్‌తో మీటింగులు అన్నీ ఆ గంటల్లోనే ఇమడాలి. వాటి మధ్య విడిగా ఒకరికి దొరికేది పావుగంటో ఇరవై నిమిషాలో. వందలమంది ఉండే క్లాసుల్లో క్యూ పద్ధతి ఉంటుంది. బర్కిలీలో సీఎస్ 61ఏ అనే ప్రోగ్రామింగ్ కోర్సు తీసుకున్నవాళ్లు ఆఫీస్ అవర్స్ క్యూలో పేరు వేసుకునేటప్పుడు, ఏ అసైన్‌మెంట్, ఎన్నో ప్రశ్న అన్నది కూడా నింపాలి. తన దగ్గరికి ఎవరు ఏ పని మీద వస్తున్నారో టీఏకు ముందే తెలుస్తుంది. మెయిల్ రాసేవాళ్లు ఆ వివరాన్ని తామే ఇవ్వాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్ నుంచి వెళ్లిన అమ్మాయి పైథాన్ కోర్సులో సినిమా హాలు సీట్లు బుక్ చేసే ప్రోగ్రామ్ రాస్తోందనుకోండి. మూడు వరసలు, వరసకు నాలుగు సీట్లు. మొదటి వరసలో రెండో సీటు బుక్ చేస్తే, మిగతా రెండు వరసల్లోనూ రెండో సీటే బుక్ అయిపోతోంది. ప్రోగ్రామ్ రెండు వందల లైన్లు. తప్పు బుకింగ్ ఫంక్షన్‌లోనే ఉందని ఆమె అనుమానం.

ఇప్పుడామె ‘నా కోడ్ పనిచేయడం లేదు’ అని రాసి, ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో ఒకటి జతచేసి పంపిందంటే, దొరికిన పావుగంటలో సగం ఆ రెండు వందల లైన్లు చదవడానికే పోతుంది. అలా కాకుండా, తప్పుకు సంబంధం లేని భాగాలను ఒక్కొక్కటే తీసేస్తూ పోయిందనుకుందాం. టికెట్ ధర తీసేసింది, తప్పు అలాగే ఉంది. పేర్లు అడిగే భాగం తీసేసింది, అలాగే ఉంది. చివరికి బుకింగ్ ఫంక్షన్‌నే తీసేసింది. అయినా తప్పు పోలేదు! మిగిలింది మూడు లైన్లు:

```python
seats = [[0] * 4] * 3
seats[0][1] = 1
print(seats)
```

స్క్రీన్ మీద వచ్చింది ఇది:

```
[[0, 1, 0, 0], [0, 1, 0, 0], [0, 1, 0, 0]]
```

ఇక మెయిల్ రాయడం తేలిక. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు నంబరు, అసైన్‌మెంట్ 3, రెండో ప్రశ్న, పదిహేను నిమిషాల టైమ్ కోసం అని ఉంటుంది. లోపలి విషయం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘మీ ఆఫీస్ అవర్స్ సమయంలో నాకు వేరే క్లాసు ఉంది. రెండో ప్రశ్నలో ఒక సీటు మారిస్తే మూడు వరసలూ మారుతున్నాయి. మొదటి వరస ఒక్కటే మారుతుందనుకున్నాను. బుకింగ్ ఫంక్షన్ తప్పనుకుని తీసేసి చూశాను, అయినా అలాగే వస్తోంది. తప్పు కనిపించే మూడు లైన్లు, వాటి ఫలితం కింద ఇచ్చాను. మొదటి లైన్ మూడు వరసలను ఎలా తయారుచేస్తోందో నాకు అర్థం కావాలి. బుధవారం 2 నుంచి 4 లోపు గానీ గురువారం ఉదయం 10 తర్వాత గానీ మీకు వీలవుతుందా?’

ఇందులో బతిమాలడం లేదు, పొడుగాటి పరిచయం లేదు. ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఏం చేసి చూశారు, ఏది తెలియాలి అన్నవి ఉన్నాయి. కోడ్‌ను ఫొటోగా కాక అక్షరాలుగా పెట్టింది కాబట్టి టీఏ కాపీ చేసుకుని తన కంప్యూటర్‌లో నడిపి చూసుకోగలడు. చేసి చూసిన ప్రయత్నం చెప్పడం అన్నిటికన్నా విలువైనది. అది లేకపోతే టీఏ కూడా ముందు ఆ ఫంక్షన్‌నే వెతికేవాడు.

కలిసినప్పుడు మంచి టీఏ జవాబు చెప్పేయడు. `seats[0] is seats[1]` అని టైప్ చేయమంటాడు. `True` అని వస్తుంది. అంటే మూడు వరసలున్నట్టు కనిపిస్తున్నా, నిజానికి ఉన్నది ఒక్కటే వరస. ఒకే ఇంటికి మూడు డోర్ నంబర్లు రాసినట్టన్నమాట. చివరి `* 3` కొత్త వరసలు తయారుచేయలేదు, ఉన్న వరసనే మూడుసార్లు చూపించింది. మూడు వేర్వేరు వరసలు కావాలంటే ఇలా రాయాలి:

```python
seats = [[0] * 4 for _ in range(3)]
```

ఇదంతా ఐదారు నిమిషాల పని. మిగిలిన సమయంలో ఆమె అసలైన ప్రశ్న అడగొచ్చు: లోపలి `[0] * 4` దగ్గర ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? సున్నా అనే అంకెను లోపలికెళ్లి మార్చడం కుదరదు, దాని చోట వేరే అంకె పెట్టగలం అంతే. వరసను మాత్రం లోపలికెళ్లి మార్చవచ్చు. కోర్సు నేర్పదలచుకున్నది ఈ తేడానే. సమస్యను తేల్చుకుని వచ్చింది కనుకే ఈ మాట దాకా రాగలిగారు.

అన్ని సమస్యలూ మూడు లైన్లకు కుదించడానికి వీలైనవి కావు. లీనియర్ ఆల్జీబ్రాలో ఒక అధ్యాయం మొత్తం అయోమయంగా ఉందనుకోండి. అప్పుడు నోట్స్ తెరిచి, ఏ లైన్ వరకు అర్థమైందో, ఏ లైన్ దగ్గర తెగిపోయిందో చూసుకుని, ఆ పేజీ నంబరు రాస్తే చాలు. ‘ఐగెన్ వెక్టర్లు రావడం లేదు’ అనడం కన్నా, ‘డిటర్మినెంట్ సున్నా కావాలని ఎందుకన్నారో తెలియలేదు’ అంటే టీఏకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

టీఏ చేయలేనివీ ఉన్నాయి. సమర్పించకముందే ‘ఇది కరెక్టేనా’ అని అడిగితే చాలామంది చెప్పరు. అది ముందే దిద్దినట్టవుతుంది. గడువు పొడిగింపు సాధారణంగా ప్రొఫెసర్ చేతిలో ఉంటుంది. మార్కులు తప్పు వేశారనిపిస్తే, గ్రేడ్‌స్కోప్ వాడే కోర్సుల్లో అందులోనే రీగ్రేడ్ అభ్యర్థన పెట్టే వీలుంటుంది. దానికోసం ఆఫీస్ అవర్స్ వాడుకోనక్కర్లేదు.

ఇలా రాస్తూ ఉండగానే తప్పు దొరికిపోవడం తరచూ జరుగుతుంది. లైన్లు తీసేస్తూ పోతుంటే కారణం తనంతట తానే బయటపడుతుంది. అప్పటికే టైమ్ తీసుకుని ఉంటే, సమస్య తీరింది, ఆ సమయం అవసరం లేదు అని వెంటనే రెండు ముక్కలు రాయండి. గడువు దగ్గరపడిన వారంలో ఆ పావుగంట మరో విద్యార్థికి దొరుకుతుంది.