పొరల నడుమ దాగే అయస్కాంతం
త్రీడీ ప్రింటర్‌ను మధ్యలో ఆపి లోపల లోహపు ముక్క పెట్టి, మచ్చ పడకుండా ముగించడం ఎలా?

త్రీడీ ప్రింటర్‌లో చేసిన మాత్రల డబ్బా ఒకటి ఊహించుకోండి. దానికి కీలు లేదు, గొళ్లెం లేదు. మూత దగ్గరకు తేగానే టక్కున అతుక్కుంటుంది. అయస్కాంతం ఎక్కడుందా అని తిప్పి తిప్పి చూసినా కనిపించదు. అది ప్లాస్టిక్ లోపలే ఉండిపోయింది.

ఈ ప్రింటర్ సన్నని ప్లాస్టిక్ తీగను కరిగించి, నాజిల్ గుండా పొర మీద పొర పోసుకుంటూ వస్తువును కడుతుంది. ఒక్కో పొర మందం సాధారణంగా 0.2 మిల్లీమీటర్లు. అంటే కట్టడం సగంలో ఉండగా వస్తువు లోపలి భాగం కాసేపు పైకి తెరుచుకునే ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో ప్రింటర్‌ను ఆపి, అయస్కాంతం పెట్టి, మళ్లీ నడిపిస్తే మిగతా పొరలు దాన్ని కప్పేస్తాయి.

పైనుంచి జిగురుతో అతికిస్తే పోలేదా అనిపించవచ్చు. పదే పదే తెరిచి మూసే డబ్బాలో జిగురు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు మడతలకు అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పేగుకు చిల్లు పడవచ్చు. ప్లాస్టిక్ లోపల మూసేసిన అయస్కాంతం అలా ఊడి చేతికి రాదు.

ఇందులో గెలుపోటములు చాలావరకు ప్రింటింగ్ మొదలవకముందే తేలిపోతాయి. మన డబ్బా మూతనే తీసుకుందాం. అందులో పెట్టేది 6 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న గుండ్రని నియోడైమియం అయస్కాంతం. ప్రింటర్‌లో రంధ్రాలు గీసినదానికంటే కాస్త ఇరుకుగా వస్తాయి. అందుకే గుంటను 6.2 మి.మీ. వెడల్పుతో గీయాలి. లోతు 3.2 మి.మీ. ఉండాలి, అంటే అయస్కాంతం మందానికి ఒక పొర ఎక్కువ. ఈ ఒక్క పొర జాగాయే ప్రాణం. అయస్కాంతం అంచు వెంట్రుకవాసి పైకి లేచినా నాజిల్ దానికి తగిలి తడబడుతుంది, ఆ పైన పొరలన్నీ పక్కకు జరిగిపోతాయి. అలాగని గుంట మరీ లోతైతే, పైకప్పు కిందికి జారి అయస్కాంతం లోపల గలగలలాడుతుంది.

మూతలో డబ్బాకు ఆనే ముఖాన్ని ప్రింటర్ బెడ్ మీదికి ఉంచుదాం. గుంట కింద 0.6 మి.మీ. అడుగు, అంటే మూడు పొరలు. నాలుగో పొర నుంచి 19వ పొర దాకా గుంట గోడలు లేస్తాయి. 3.8 మి.మీ. ఎత్తులో గుంట పూర్తవుతుంది. 20వ పొర దాని మీద కప్పు వేస్తుంది. కాబట్టి 19 ముగిశాక, 20 మొదలవకముందే ఆగాలి.

ఈ సంగతి ప్రింటర్‌కు చెప్పేది స్లైసర్. గీసిన బొమ్మను పొరలుగా కోసి, ప్రింటర్‌కు ఆదేశాలు రాసిచ్చే సాఫ్ట్‌వేర్ అది. ప్రూసా స్లైసర్‌లో ప్రివ్యూ తెరిస్తే కుడివైపు నిలువు పట్టీ కనిపిస్తుంది. దాన్ని కిందికి జరుపుతూ, గుంట మీద మొదటిసారి కప్పు పడే పొర ఎక్కడో కళ్లతో చూడాలి. మన లెక్కలో అది 4.00 దగ్గర ఉంటుంది. అక్కడి ప్లస్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి `Add pause print` ఎంచుకోవాలి. ఆ పొర మొదలవకముందే ప్రింటర్ ఆగుతుంది. ప్రూసా ప్రింటర్లకు ఈ ఆదేశం `M601`, క్లిప్పర్ మీద నడిచేవాటికి `PAUSE`. మన ప్రింటర్‌కు తెలియని ఆదేశం వెళ్తే అది ఆగకుండా ఖాళీ గుంటను కప్పేసుకుంటూ పోతుంది.

ప్రివ్యూలోనే ఇంకొకటి చూడాలి. గుంట పైకప్పు గాల్లో వేలాడుతుందనుకుని స్లైసర్ లోపల ఆసరా స్తంభాలు కట్టేస్తుంది. అవి ఉంటే అయస్కాంతానికి చోటే ఉండదు. 6 మి.మీ. దూరాన్ని ప్లాస్టిక్ ఆసరా లేకుండానే దాటగలదు కాబట్టి వాటిని తీసేయాలి.

ఇక ప్రింటర్ ఆగింది. ఇప్పుడు మొదటి పని ధ్రువం సరిచూసుకోవడం. ఏ ముఖం పైకి రావాలో ముందే మార్కర్‌తో చుక్క పెట్టి ఉంచుకుంటే తికమక ఉండదు. తిరగేసి పెడితే మూత అతుక్కోవడానికి బదులు డబ్బాను తోసేస్తుంది. ఒకసారి మూసుకుపోయాక దిద్దుకునే వీలు లేదు. ప్లాస్టిక్ పుల్లతో అయస్కాంతాన్ని అడుగుదాకా నొక్కి, పైన ఒక పాత ఏటీఎం కార్డు అంచును మెల్లగా జరిపి చూడాలి. ఎక్కడా తగలకపోతే సరిగ్గా కూర్చున్నట్టే.

నాజిల్ ఇత్తడిదైతే అయస్కాంతం దానికి అతుక్కోదు. ఉక్కు నాజిల్ అయినా, చుట్టూ ఉక్కు భాగాలున్నా, నాజిల్ పైనుంచి వెళ్లేటప్పుడు అయస్కాంతం గుంటలోంచి ఎగిరి దానికి పట్టుకుంటుంది. మూతలో అడుగు 0.6 మి.మీ.లే కాబట్టి, ఉక్కు బెడ్ రేకు ఉంటే అదే కిందికి లాగి పట్టుకుంటుంది. 30 మి.మీ. ఎత్తున్న డబ్బా విషయంలో ఆ సాయం ఉండదు, ఎందుకంటే అక్కడ అయస్కాంతం ఉండేది పై అంచు దగ్గర. అప్పుడు గుంట అడుగున ఒక్క చుక్క సూపర్ గ్లూ వేసి, ఆరేదాకా ఆగాలి. జిగురు పై అంచుకు ఎక్కితే తర్వాతి పొర అక్కడ పట్టదు.

మచ్చలు పడేది తిరిగి నడిపేటప్పుడు. ఆగినంతసేపూ వేడి నాజిల్ నుంచి ప్లాస్టిక్ కారుతూనే ఉంటుంది. దాన్ని తుడవకుండా నడిపిస్తే బయటి గోడ మీద బొడిపె వస్తుంది. నాజిల్ లోపల ఖాళీ అయినందువల్ల మొదటి గీత సన్నబడి తెగుతుంది కూడా. అందుకే ముందు కొంచెం ప్లాస్టిక్ బయటికి వదిలి, పట్టకారుతో తీసేసి, అప్పుడే మళ్లీ మొదలుపెట్టాలి.

బెడ్ వేడి తగ్గనివ్వకూడదు. చల్లబడితే వస్తువు బెడ్ నుంచి ఊడిపోవచ్చు. క్లిప్పర్‌లో మనమేమీ మార్చకపోతే 600 సెకన్లు ఖాళీగా ఉన్న ప్రింటర్ వేడినీ మోటార్లనూ ఆపేస్తుంది. మోటార్లు వదిలేస్తే నాజిల్ తానున్న చోటు మరిచిపోతుంది. ఆ గడువు పెంచుకోవాలి, లేదా అయిదు నిమిషాల్లో పని ముగించాలి. ఎంత త్వరగా చేసినా ఆగిన ఎత్తులో బయటి గోడ మీద ఒక సన్నని గీత మిగలవచ్చు. మూతకు ఆ ఎత్తులోనే ఒక ఏటవాలు అంచు గీసి పెడితే గీత అందులో కలిసిపోతుంది.

వేడికీ ఒక హద్దు ఉంది. మామూలు ఎన్ రకం నియోడైమియం 80 డిగ్రీల దాకే తట్టుకుంటుంది, అది దాటితే శక్తి కోల్పోతుంది. పీఎల్ఏకు బెడ్ 60 డిగ్రీలుంటే చాలు కాబట్టి భయం లేదు. పైన పడే వేడి పొర పలచనిది, వెంటనే చల్లారుతుంది. ఏబీఎస్‌కు బెడ్ 100 డిగ్రీలు పెడతారు. దానికి ఎక్కువ వేడిని తట్టుకునే ఎస్‌హెచ్ రకం తీసుకోవాలి.

నట్లకూ ఇదే పద్ధతి, ఒక్క తేడాతో. ఎం3 నట్ ఎదురెదురు ముఖాల మధ్య 5.5 మి.మీ., మందం 2.4 మి.మీ. ఉంటుంది. నట్ మీద వచ్చే కప్పులో స్క్రూ దూరే రంధ్రం ఉండాలి. గాల్లో రంధ్రం అంచు గుండ్రంగా నిలవదు. కప్పులో మొదటి పొరను రంధ్రం లేకుండా నిండుగా వేసి, పై పొరల్లోనే రంధ్రం గీయాలి. తర్వాత స్క్రూతోనే ఆ పలచని పొరను పొడవచ్చు.

పూర్తి మూత ప్రింట్ చేసేముందు ఆ గుంట మాత్రమే ఉన్న చిన్న దిమ్మను ఇవే కొలతలతో చేసి, అయస్కాంతం పెట్టి ముగించండి. తర్వాత దాన్ని విరగ్గొట్టండి. ఆగిన పొర దగ్గరే నున్నగా రెండుగా విడిపోతే, అక్కడ పొరలు సరిగా అతకలేదని అర్థం. ఆగిన సమయం తగ్గించాలి, నాజిల్ వేడి అయిదు పది డిగ్రీలు పెంచాలి. విరుపు అడ్డదిడ్డంగా వేరే పొరల గుండా పోతే ఆ కొలతలు మూతకు పనికొస్తాయి.