ఎక్స్చేంజీ ప్రకటనలు: ఒక్కటి చదివితే చాలదు

2008 డిసెంబరు 16న హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ రెండూ ప్రమోటర్ల కుటుంబానికి సంబంధించినవే. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ నెల ముగిసేలోగా బోర్డులోని బయటి డైరెక్టర్లు నలుగురు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. జనవరి 7న రామలింగరాజు లేఖతో లెక్కల మోసం బయటపడింది. డిసెంబరులో ఎవరికీ మోసం కనిపించలేదు. కానీ ఈ కంపెనీని ఒకసారి ఆగి చూడాలని ఆ ప్రకటనల వరుసే చెప్పింది.

ఇప్పుడు ఆ వరుసను ఇంట్లో కూర్చుని చూడొచ్చు. బీఎస్ఈ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొట్టి `Corporate Announcements` తెరిస్తే ప్రకటనలన్నీ తేదీల వారీగా ఉంటాయి. ప్రతిదానికీ పీడీఎఫ్ జత చేసి ఉంటుంది. ఎన్ఎస్ఈలోనూ ఇలాగే దొరుకుతాయి. బోర్డు తీసుకున్న ముఖ్య నిర్ణయాన్ని సమావేశం ముగిసిన 30 నిమిషాల్లో తెలపాలన్నది సెబీ నిబంధన. మార్కెట్ వేళలు అయిపోయాక సమావేశం ముగిస్తే 3 గంటల గడువు ఉంటుంది.

బోర్డు మార్పుల్లో కొత్తగా వచ్చేవారికన్నా వెళ్లిపోయేవారి కాగితాన్నే ముందు చదవాలి. ఇండిపెండెంట్ డైరెక్టరు రాజీనామా చేస్తే, వివరమైన కారణాలతో ఉన్న ఆ లేఖను కంపెనీ 7 రోజుల్లో ఎక్స్చేంజీకి ఇవ్వాలి. చెప్పినవి తప్ప వేరే ముఖ్య కారణాలేవీ లేవని ఆయన ధ్రువీకరించాలి. 'వ్యక్తిగత కారణాలు' అని రాసి, మిగతా కంపెనీల బోర్డుల్లో మాత్రం కొనసాగుతుంటే ఆలోచించాల్సిందే. ఆయన ఏయే లిస్టెడ్ కంపెనీల్లో ఉన్నారో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. ఒక్క రాజీనామాతో ఏదీ తేలదు. కొద్ది వారాల తేడాలో ఆడిటరో, సీఎఫ్ఓనో కూడా వెళ్లిపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

షేర్ల కేటాయింపులో తికమక ఇంకా ఎక్కువ. ఊహకి ఒక కంపెనీని తీసుకుందాం. మొత్తం షేర్లు 4 కోట్లు, అందులో సగం ప్రమోటర్లవి. 40 లక్షల వారెంట్లను ఒక్కొక్కటి 250 రూపాయలకు ప్రమోటర్లకే ఇవ్వాలని బోర్డు నిర్ణయించింది. మర్నాడు పేపర్లో '100 కోట్ల సమీకరణ' అని వస్తుంది. నిజానికి ఆ రోజు కంపెనీకి ఒక్క రూపాయి కూడా రాలేదు.

ఇక్కణ్నుంచి ఒక్కో కాగితం పట్టుకుని వెళ్లాలి. మొదట వాటాదారుల సమావేశం నోటీసు వస్తుంది. ఎవరికి ఇస్తున్నారు, డబ్బు దేనికి అన్నవి అందులో ఉంటాయి. తర్వాత ఓటింగ్ ఫలితాలు. తీర్మానం నెగ్గాక, ఇతర అనుమతుల కోసం ఆగాల్సిన పని లేకపోతే, 15 రోజుల్లో వారెంట్లు కేటాయించాలి. అప్పటికి చెల్లించాల్సింది కనీసం నాలుగో వంతు. అంటే వచ్చేది 25 కోట్లు. మిగిలిన 75 కోట్లు కట్టి వారెంట్లను షేర్లుగా మార్చుకోవడానికి 18 నెలల గడువుంది. ఈలోగా మార్కెట్ ధర 250 కన్నా బాగా పడిపోతే వాళ్లు కట్టకుండా వదిలేయవచ్చు. అప్పుడు ముందు కట్టిన సొమ్ము కంపెనీకే మిగులుతుంది, కానీ 100 కోట్లు నమ్ముకుని వేసుకున్న ప్రణాళిక ఆగిపోతుంది.

అన్నీ షేర్లుగా మారితే మొత్తం 4.4 కోట్లవుతుంది. ప్రమోటర్ల వాటా 50 నుంచి 54.5 శాతానికి పెరుగుతుంది, మిగతావారిది 45.5కు తగ్గుతుంది. మీ చేతిలో షేర్ల సంఖ్య మారకపోయినా కంపెనీలో మీ వంతు చిన్నదవుతుంది. మారాయో లేదో తెలుసుకోవడానికి `Allotment of Equity Shares` పేరుతో వచ్చే ప్రకటన చూడాలి. మూడు నెలలకోసారి వచ్చే వాటాల పట్టికతో దాన్ని సరిపోల్చుకోవాలి. మారకుండా మిగిలిన వారెంట్లు కూడా ఆ పట్టికలో కనిపిస్తాయి.

అయితే ఒక హద్దుంది. ఎక్స్చేంజీ ఆ కాగితాన్ని అందరికీ అందుబాటులో పెడుతుంది, అందులో ఉన్నది నిజమని హామీ ఇవ్వదు. సత్యం ఫలితాలు కూడా ఏళ్ల తరబడి ఎక్స్చేంజీల ద్వారానే జనానికి చేరాయి. కాబట్టి కంపెనీ చెప్పిందాన్ని ఆ తర్వాత అదే కంపెనీ ఇచ్చిన కాగితాలతోనే పరీక్షించాలి. మీ దగ్గరున్న షేర్లలో ఒకదాన్ని తీసుకుని గత 18 నెలల ప్రకటనలు పాతవాటి నుంచి కొత్తవాటికి చదవండి. 'సమీకరిస్తాం' అన్న డబ్బులో ఎంత వచ్చిందో, బోర్డులోంచి వెళ్లినవాళ్లు ఏం రాసి వెళ్లారో ఆ వరుసలోనే తేలుతుంది.