పండగ వేలంలో ఒక క్లిక్కు ఎంతదాకా పెట్టొచ్చు?

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలిసారి ‘బిగ్ బిలియన్ డే’ పెట్టింది. ఆ తర్వాత ఏటా దసరా ముందు మొదలై దీపావళి దాకా సాగే ఆన్‌లైన్ అమ్మకాలు మన పండగ కొనుగోళ్లలో భాగమైపోయాయి. 2025లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ సెప్టెంబరు 23నే అమ్మకాలు తెరిచాయి. దసరా అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. అంటే ఇంచుమించు నాలుగు వారాల సందడి. సొంత వెబ్‌సైటు పెట్టుకుని చీరలో, పచ్చళ్లో, ఇత్తడి సామానో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఈ నాలుగు వారాల్లో అంతుపట్టని అనుభవం ఎదురవుతుంది. గూగుల్‌లో నడుస్తున్న తన ప్రకటనల్లో అతను ఏమీ మార్చడు. అయినా ఒక్కో క్లిక్కుకు కట్టే డబ్బు పెరుగుతూ పోతుంది. రోజంతా రావాల్సిన బడ్జెట్ మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఎవరైనా ‘హ్యాండ్లూమ్ చీరలు’ అని వెతికిన ప్రతిసారీ, ఆ క్షణంలోనే ఒక వేలం జరిగిపోతుంది. ఏ ప్రకటన పైన కనిపించాలో తేల్చేది ఆ వేలమే. అందులో పాట మొత్తం ఒక్కటే చూడరు. ప్రకటన ఆ వెతుకులాటకు ఎంత సరిపోతుంది, చూసినవాళ్లు నొక్కే అవకాశం ఎంత, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. గెలిచినవాడు తాను పాడిన మొత్తం కట్టనక్కర్లేదు. తన కింద ఉన్నవాణ్ని దాటి ఆ స్థానం నిలుపుకోవడానికి ఎంత కావాలో అంతే కడతాడు. మీరు క్లిక్కుకు 20 రూపాయల దాకా పాడినా, మామూలు రోజుల్లో 8 రూపాయలే పడటానికి కారణం ఇదే. పండగకు పెద్ద కంపెనీలు, పెద్ద షోరూములు బోలెడు డబ్బుతో దిగి పాట పెంచుతాయి. మీ కింద ఉన్నవాడి పాట పెరిగితే మీరు కట్టేదీ పెరుగుతుంది. మీ పాట మారలేదు కానీ, దానికీ మీరు కట్టేదానికీ మధ్య ఉన్న ఖాళీ పూడుకుపోయింది.

ఇప్పుడేం చేయాలి? ‘అందరూ పెంచుతున్నారు, మనమూ పెంచుదాం’ అనేది చాలామంది నోట వెంటనే వచ్చే మాట. పెంచడం తప్పు కాదు. ఎంతదాకా పెంచాలో ముందే తెలియకపోవడమే తప్పు. ఆ హద్దును ప్రత్యర్థి పాట చెప్పదు, మీ చీరపై మిగిలే డబ్బు చెబుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరి చేనేత చీరలు అమ్మే చిన్న దుకాణం ఉందనుకుందాం. చీర ధర 2,400 రూపాయలు. చీర కొన్న ఖర్చు 1,250. ప్యాకింగు, కొరియరు, చెల్లింపు రుసుము, పన్ను కలిపి 300. క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా వెనక్కి పంపేసే పార్సిళ్ల నష్టాన్ని ఒక్కో ఆర్డరుపై పంచితే 150. ఇవన్నీ పోగా 700 మిగులుతుంది. ప్రకటన ఖర్చు, దుకాణదారుడి లాభం రెండూ ఈ 700లోంచే రావాలి. మామూలు రోజుల్లో వంద మంది నొక్కితే ఇద్దరు కొంటారు. అంటే వంద క్లిక్కులకు 1,400 రూపాయల మిగులు. కాబట్టి ఒక్కో క్లిక్కుకు 14 రూపాయలు దాటితే చేతి డబ్బు పోతుంది. 8 రూపాయలకు దొరుకుతుంటే వంద క్లిక్కులపై 600 లాభం.

పండగ వచ్చింది. క్లిక్కు 14 రూపాయలైంది. కొనాలన్న ఉద్దేశంతో వచ్చేవాళ్లు కూడా ఎక్కువయ్యారు, వందకు ఇద్దరి బదులు సగటున రెండున్నర మంది కొంటున్నారు. హద్దు 14 నుంచి 17 రూపాయల 50 పైసలకు జరిగింది. వంద క్లిక్కులపై 1,750 మిగిలితే 1,400 ప్రకటనకు పోయి 350 చేతికొస్తుంది. లాభం తగ్గినా నిలబడింది.

ఈ దశలో దుకాణదారుడు అందరిలాగే పది శాతం తగ్గింపు ప్రకటించాడు. వందకు ముగ్గురు కొనడం మొదలుపెట్టారు. ఆర్డర్లు పెరిగాయి, ఫోను మోగుతూనే ఉంది, సంతోషంగానే ఉంది. కానీ తగ్గించిన 240 రూపాయలు పోయింది ఆ 700లోంచే. ఇక ఆర్డరుకు మిగిలేది 460. ముగ్గురికి 1,380. వంద క్లిక్కుల ఖర్చు 1,400. ఆర్డర్లు ఎక్కువ, లాభం సున్నాకంటే కింద. క్లిక్కు హద్దు 13 రూపాయల 80 పైసలకు, అంటే మామూలు రోజుల హద్దు కంటే కిందికి పడిపోయింది. తగ్గింపు, పెరిగిన క్లిక్కు ధర ఒకే జేబులోంచి డబ్బు తీస్తాయన్న సంగతి పండగ హడావిడిలో చాలామందికి తట్టదు. ధర తగ్గించిన రోజే పాటనూ కొత్త హద్దుకు తగ్గించాలి. లేదా పాట పెంచదలిస్తే తగ్గింపు మానుకోవాలి. రెండూ ఒకేసారి చేయగలిగేది మిగులు బాగా ఎక్కువున్న సరుకుపైనే. ఈసారి నష్టపోయినా కొత్త కొనుగోలుదారు సంక్రాంతికి మళ్లీ వస్తాడని లెక్క వేసేవాళ్లున్నారు. పాత ఆర్డర్ల పుస్తకంలో అలా తిరిగొచ్చినవాళ్లు నిజంగా కనిపిస్తేనే ఆ లెక్కను నమ్మాలి.

ఇదే దుకాణంలో 6,500 రూపాయల పట్టు చీర ఉంది, దానిపై 1,800 మిగులుతుందనుకుందాం. వందకు ఒక్కరే కొన్నా క్లిక్కు హద్దు 18 రూపాయలు. 14 రూపాయల బజారులో అది తగ్గింపు లేకుండానే నిలబడుతుంది. 900 రూపాయల నూలు చీర ఏ లెక్కనా నిలబడదు. కాబట్టి బడ్జెట్‌ను అన్ని చీరలకూ సమానంగా పంచకుండా, హద్దు బజారు ధరకంటే పైనున్న సరుకుకు జరపాలి. వెతికే మాటల విషయంలోనూ అంతే. ‘చీరలు’ అన్న మాటపై దేశమంతా పాడుతుంది. ‘మంగళగిరి నిజాం అంచు చీర’ అని వెతికేవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లకు ఏం కావాలో తెలుసు. ఇంతకుముందు మీ సైటుకు వచ్చి చూసి వెళ్లినవాళ్లకు చూపే ప్రకటనలదీ ఇదే దారి. పెద్దవాళ్లతో పోటీ పడాల్సిందే అయితే చిన్న దుకాణం పడాల్సింది ఈ ఇరుకు దారుల్లోనే అని నా గట్టి అభిప్రాయం.

ఇక బడ్జెట్. రోజుకు 2,000 రూపాయలు పెడితే 8 రూపాయల క్లిక్కులు 250 వస్తాయి. 14 రూపాయలైతే 143. బడ్జెట్ కదల్చకుండా ఉంచడమంటే దుకాణానికి వచ్చే జనాన్ని దాదాపు సగానికి తగ్గించుకోవడమే. పైగా డబ్బు మధ్యాహ్నానికే అయిపోతే, ఇంట్లోవాళ్లంతా కూర్చుని చీర ఎంచుకునే రాత్రి వేళకు మీ ప్రకటన ఉండదు. గూగుల్ యాడ్స్ నివేదికలో దీన్ని పట్టిచ్చే గళ్లు రెండున్నాయి. ‘Search lost IS (budget)’ అనేది డబ్బు చాలక చేజారిన అవకాశాల శాతం. ‘Search lost IS (rank)’ అనేది పాట, నాణ్యత చాలక చేజారినవి. రెండోది పెద్దదై, మీ హద్దు ఇంకా పైనుంటే పాట పెంచండి. మొదటిది పెద్దదైతే పాట పెంచడం శుద్ధ దండగ, ఉన్న డబ్బు ఇంకా త్వరగా ఖర్చవుతుంది. అప్పుడు బడ్జెట్ పెంచాలి. పెంచే డబ్బు లేకపోతే పాట కొంచెం తగ్గించాలి. అలా చేస్తే ప్రకటన ఒక మెట్టు కిందికి దిగుతుంది, క్లిక్కు చవకవుతుంది, అదే డబ్బుకు ఎక్కువ మంది వస్తారు, రాత్రిదాకా ప్రకటన నిలుస్తుంది.

బడ్జెట్ విషయంలో ఒక నియమం ముందే తెలిసి ఉండాలి. గూగుల్‌లో రోజువారీ బడ్జెట్ అంటే సగటు. గిరాకీ ఉన్న రోజు దానికి రెండింతల దాకా ఖర్చు కావచ్చు, నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు దాటదు. 2,000 పెట్టి మరుసటి రోజు 4,000 ఖర్చు చూస్తే అది పొరపాటు కాదు. మూడు రోజుల అమ్మకం కోసమే బడ్జెట్ పెంచి, తర్వాత తగ్గించడం మరిచిపోతేనే ప్రమాదం. తగ్గించాల్సిన తేదీని పెంచిన రోజే క్యాలెండరులో రాసుకోవాలి.

పాటను గూగుల్‌కే వదిలేసేవాళ్లు ‘Target ROAS’ అనే లక్ష్యం పెడతారు. ప్రకటనకు పెట్టిన వంద రూపాయలకు ఎంత అమ్మకం రావాలన్నదే ఆ అంకె. మన 2,400 చీరకు 700 మిగులుతుంది కాబట్టి లాభనష్టాలు సమానమయ్యే లక్ష్యం 343 శాతం. పది శాతం తగ్గింపుతో 2,160కి అమ్మి 460 మిగిలితే అది 470 శాతం. పండగకు ఆర్డర్లు పెరగాలని ఈ అంకెను తగ్గించడం అలవాటు. తగ్గింపు ఇస్తున్న దుకాణంలో దాని కనీస హద్దు నిజానికి పెరుగుతుంది.

అమ్మకం రెండు మూడు రోజులే అయితే ‘Seasonality adjustments’ అనే సదుపాయం ఉంది. ఫలానా తేదీల్లో కొనేవాళ్ల శాతం ఇంత పెరుగుతుందని యంత్రానికి ముందే చెప్పొచ్చు. ఒకటి నుంచి ఏడు రోజుల సందర్భాలకు దీన్ని తయారుచేశారు. పద్నాలుగు రోజులు దాటితే సరిగా పనిచేయదు. నాలుగు వారాల పండగ సీజనుకు దీన్ని పెట్టడం వృథా, ఆ మామూలు హెచ్చుతగ్గులను యంత్రం తనంతట తానే గమనిస్తుంది. రెండున్నర మంది కొనే చోట నలుగురు కొంటారని అతిగా చెబితే అది ఆ మేరకు పాట పెంచేస్తుంది. క్లిక్కు ధర ఎగబాకి ఆర్డర్లు మాత్రం కదలకపోతే జరిగింది అదే.

అయితే ఒక్క రోజు లెక్క చూసి కంగారుపడి పాట కోయకూడదు. సోమవారం నొక్కినవాళ్లలో కొందరు ఇంట్లో అడిగి, జీతం పడ్డాక బుధవారం కొంటారు. ఆ ఆర్డరు సోమవారం ఖాతాలోకే చేరుతుంది. కాబట్టి నిన్నటి ఫలితం ఎప్పుడూ ఉన్నదానికంటే పేలవంగా కనిపిస్తుంది. మీ దుకాణంలో క్లిక్కు నుంచి ఆర్డరుకు సాధారణంగా ఎన్ని రోజులు పడుతుందో చూసుకుని, అన్ని రోజులు దాటిన లెక్కనే నమ్మాలి.

పాట నిజంగా తగ్గించాల్సిన రోజును కొరియరు చెబుతుంది. 2025 దీపావళినే తీసుకుంటే, ఢిల్లీకో కోల్‌కతాకో పార్సిలు చేరడానికి ఆరు రోజులు పడితే అక్టోబరు 14 తర్వాత ఆ ఊళ్ల నుంచి పండగ కోసం కొనేవాళ్లుండరు. డెలివరీ తేదీ చూసి వెనుదిరిగేవాళ్ల క్లిక్కులకు మాత్రం డబ్బు పడుతూనే ఉంటుంది. ఆ రోజు నుంచి దూరపు రాష్ట్రాలను ఆపి, రెండు రోజుల్లో చేరే విజయవాడ, గుంటూరు, హైదరాబాదులకే డబ్బు మళ్లించాలి. పండగ ముందు రెండు రోజులు వాటినీ తగ్గించేయొచ్చు.

దీపావళి మర్నాటి నుంచి పెద్ద కంపెనీల పండగ బడ్జెట్లు వెనక్కి పోతాయి, క్లిక్కు ధర దిగడం మొదలవుతుంది. దీపాలు, మిఠాయిలు అమ్మేవాళ్లకు అప్పటికి గిరాకీ అయిపోయినట్టే. చీరలకు అలా కాదు, కార్తీకంలో పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి, పట్టు చీరల వెతుకులాట సాగుతూనే ఉంటుంది. అందుకే సీజను మొత్తానికి కేటాయించిన డబ్బులో నాలుగో వంతును దసరాకూ దీపావళికీ ముట్టకుండా పక్కన పెట్టమంటాను. పండగ రోజుల్లో మీ సైటుకు వచ్చి చీర చూసి, కొనకుండా వెళ్లినవాళ్ల జాబితా అప్పటికి మీ దగ్గర ఉంటుంది. ఆ డబ్బుతో ముందుగా చేరాల్సింది వాళ్లనే.