అంగుళాల పెట్టె, సెంటీమీటర్ల గడి

పచ్చళ్లు, పొడులు, వడియాలు ఇంట్లోనే చేసి అమ్మే అక్క ఒకామె తన సరుకుల జాబితాను ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఎక్సెల్ షీటు ఇచ్చింది. అప్‌లోడ్ ఫారంలో బరువు గ్రాముల్లో, పెట్టె కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. ఆమె షీటు మూడేళ్లుగా ముగ్గురి చేతులు మారింది. బరువు గడుల్లో ఒకచోట "250 gm", ఒకచోట "0.5", ఇంకోచోట "1 Kg", మరోచోట ఉత్త "500" అని ఉన్నాయి.

ముందుగా పాత వరసను ముట్టుకోకుండా అలాగే ఉంచాం. ఎక్కడైనా తేడా వస్తే అసలు ఏం రాసి ఉందో చూసుకోవడానికి అదొక్కటే ఆధారం. పక్కన రెండు కొత్త వరసలు తీసి, అంకెను ఒకదాంట్లో, కొలమానాన్ని ఇంకోదాంట్లో వేశాం. Units అనే వేరే పేజీలో చిన్న పట్టిక రాశాం: g, gm, gms అంటే 1, kg, kgs అంటే 1000. ఇక షీటులో సూత్రం ఇదీ:

```
=C2*VLOOKUP(TRIM(D2),Units!A:B,2,FALSE)
```

చివర ఉన్న FALSE ముఖ్యం. పట్టికలో లేని మాట ఎదురైతే దగ్గరిదేదో తీసుకోకుండా #N/A అని చూపిస్తుంది. కొలమానం రాయని గడులన్నీ అలాగే బయటపడ్డాయి. వాటిని "గ్రాములే అయ్యుంటాయిలే" అనుకుని నింపేస్తే మాత్రం తప్పు అక్కడే పాతుకుపోతుంది.

మధ్యలో ఒక కందిపొడి బరువు 45689 అని కనిపించింది. అరకిలో కదా అని ఎవరో 1/2 అని కొట్టారు. మన దేశపు సెట్టింగుల్లో ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి ఒకటో తేదీ అనుకుంటుంది. తేదీలను అది లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది, 2025 ఫిబ్రవరి 1కి ఆ అంకె 45689. భిన్నాలు కొట్టేముందే ఆ వరసను Text గా మార్చి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

మిగిలిన ఉత్త అంకెలకు ధరే సాక్ష్యం చెప్పింది. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణిస్తే కిలో ధర వస్తుంది. గోంగూర పచ్చడి 0.5, ధర 300 రూపాయలు. అది కిలోలైతే కిలో 600. గ్రాములైతే కిలో ఆరు లక్షలు! కిలో, గ్రాముల పొరపాటు వెయ్యి రెట్లది కాబట్టి దాక్కోలేదు. కిలో ధర వరసను పెద్దది నుంచి చిన్నదికి పేరిస్తే పైనా కిందా తేలిపోతుంది. 500 బదులు 250 రాసిన తప్పు మాత్రం ఈ లెక్కకు దొరకదు, చిన్న ప్యాకెట్టుకు కిలో ధర ఎటూ కాస్త ఎక్కువే ఉంటుంది కదా.

నన్ను నిజంగా భయపెట్టినవి పెట్టె కొలతలు. అంగుళం అంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. 12 అన్న అంకె అంగుళాల్లోనూ నమ్మేలా ఉంటుంది, సెంటీమీటర్లలోనూ నమ్మేలా ఉంటుంది. కంటికి ఏ తేడా కనబడదు. కానీ మూడు వైపులా అదే పొరపాటు జరిగితే ఘనపరిమాణం పదహారు రెట్లకు పైగా మారిపోతుంది.

వడియాల పెట్టె 12, 10, 8 అని ఉంది, బరువు 1500 గ్రాములు. సెంటీమీటర్లే అయితే 960 ఘన సెంటీమీటర్లు. అంటే ఒక్కో ఘన సెంటీమీటరుకు గ్రామున్నర పైనే. నీళ్లకు ఒక గ్రామే. వడియాలు నీళ్లకన్నా బరువు ఎలా అవుతాయి? అంగుళాలుగా తీసుకుంటే దాదాపు 15,730 ఘన సెంటీమీటర్లు, గ్రాములో పదో వంతు కూడా లేదు. గాలి నిండిన వడియాలకు అదే సరి.

"అక్కా, ఈ పెట్టెలు అంగుళాల్లో కొలిచినవా?"

"అట్టపెట్టెలవాడు అంగుళాల్లోనే చెప్తాడు. నేను అదే రాశాను."

కొరియరు వాళ్లు చాలామంది ఘనపరిమాణాన్ని 5000తో భాగించి వచ్చిన కిలోలను అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టించుకుంటారు. షీటులో ఉన్న అంకెల ప్రకారం ఇది 0.19 కిలోలు, కాబట్టి కిలోన్నరకే రవాణా ఖర్చు వేసుకుంది. నిజానికి ఆ పెట్టె లెక్క 3.15 కిలోలు. ఆ తేడా ప్రతి పెట్టె మీదా ఆమె చేతినుంచే పోయేది. బరువైన పచ్చడి సీసాలకు ఈ నష్టం ఉండదు, అక్కడ అసలు బరువే గెలుస్తుంది. దెబ్బ తినేవి అప్పడాలు, వడియాలు లాంటి తేలిక సరుకులే.

టేపు పెట్టి ఆ పెట్టెను మళ్లీ కొలిచాం. ఒక్కో వైపునూ పై సెంటీమీటరుకు సర్ది 31, 26, 21 అని రాసి, అప్పడాల పెట్టె తెమ్మన్నాను.