రోజుకు 38 మైక్రోసెకన్లు

1977 జూన్ 23న అమెరికా ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. జీపీఎస్ వ్యవస్థకు అది ముందడుగు. సీజియం అణు గడియారం అంతరిక్షంలోకి వెళ్లడం అదే మొదలు. ఆ గడియారం పక్కనే ఇంజినీర్లు చిన్న పరికరం ఒకటి అమర్చారు. గడియారం వేగాన్ని కొద్దిగా మార్చడం దాని పని. నేల మీద నుంచి ఆదేశం ఇస్తే అది పని మొదలుపెడుతుంది, లేకపోతే ఊరికే ఉంటుంది. అలా ఎందుకు పెట్టారంటే, పైకి వెళ్లిన గడియారం ఎంత తేడాగా నడుస్తుందో, అసలు ముందుకు పోతుందో వెనకబడుతుందో అన్న దాని మీద వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. తేడా ఏమీ రాదన్నవాళ్లూ ఉన్నారు.

ఈ సందేహానికి కారణం ఉంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఆ గడియారం మీద ఒకదానికొకటి ఎదురుగా లాగే రెండు ప్రభావాలు పనిచేస్తాయి.

మొదటిది వేగం. కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సెకనుకు దాదాపు 3.87 కిలోమీటర్లు వెళ్తాయి. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ఉపగ్రహ వేగం కాంతి వేగంలో 77,500వ వంతు. కాలం ఎంత మందగిస్తుందో తెలియాలంటే ఈ భిన్నాన్ని దానితోనే గుణించి, సగం చేయాలి. అప్పుడు వచ్చేది 1,200 కోట్లలో ఒక వంతు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, వేగం వల్ల ఆ గడియారం రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకను.

రెండోది గురుత్వాకర్షణ. భూమికి దగ్గరగా ఉన్న గడియారం కంటే దూరంగా ఉన్నది వేగంగా నడుస్తుంది. ఈ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంత ఎత్తులో గడియారం రోజుకు సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. 45లోంచి 7 తీసేస్తే 38. సిద్ధాంతం చెప్పిన అంచనా ఇది.

రెండింటిలో ఏది గెలుస్తుందన్నది ఎత్తును బట్టి ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెకనుకు 7.66 కిలోమీటర్లు పరుగెడుతుంది. అక్కడ వేగానిదే పైచేయి. గడియారం రోజుకు దాదాపు 25 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. సుమారు 3,200 కిలోమీటర్ల ఎత్తున రెండూ సరిగ్గా సరిపోతాయి. అంతకు పైన గురుత్వాకర్షణ ప్రభావమే ఎక్కువ.

ఎన్‌టీఎస్-2 గడియారాన్ని దాదాపు 20 రోజులు సరిచేయకుండా వదిలేసి, నేల మీది గడియారాలతో పోల్చి చూశారు. లక్ష కోట్ల సెకన్లకు 446.5 సెకన్లు ముందుకు పోవాలని సిద్ధాంతం చెబితే, కొలతలో 442.5 వచ్చింది. ఆ కాస్త తేడా గడియారం సొంత లోపాల పరిధిలోనే ఉంది. అటు దిశ, ఇటు పరిమాణం రెండూ తేలిపోయాయి. ఆ తర్వాతే పరికరానికి ఆదేశం ఇచ్చి పని మొదలుపెట్టించారు.

తర్వాత వచ్చిన ఉపగ్రహాలకు ఈ దిద్దుబాటు నేల మీదే జరుగుతుంది. గడియారం పౌనఃపున్యం 10.23 మెగాహెర్ట్జ్ ఉండాలి. దాన్ని ప్రయోగానికి ముందే 10.22999999543కు తగ్గించి పంపుతారు. పైకి వెళ్లాక అది భూమి మీది వాళ్లకు సరిగ్గా 10.23గా అందుతుంది.

ఇక్కడ తరచూ వినిపించే మాట ఒకటుంది. కాంతి ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు వెళ్తుంది కాబట్టి, 38 మైక్రోసెకన్లు వదిలేస్తే ఫోన్ చూపించే చోటు రోజుకు 11 కిలోమీటర్లు పక్కకు జరుగుతుందంటారు. గుణకారం సరైనదే కానీ, రిసీవర్ పనిచేసే తీరు వేరు. ఫోన్‌లో అణు గడియారం ఉండదు. అందుకే అది కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు తీసుకుని, తన చోటుతో పాటు తన గడియారం ఎంత తప్పో కూడా లెక్కగట్టుకుంటుంది. ఉపగ్రహాలన్నీ ఒకే మోతాదులో ముందుకు పోతే, రిసీవర్ ఆ మొత్తాన్ని తన గడియారం తప్పుగా భావించి పక్కన పెట్టేస్తుంది. ఊళ్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటే పెళ్లికి అందరూ కలిసే వస్తారు, ఒక్కరిది తేడా ఉంటేనే ఇబ్బంది.

అయినా నష్టం ఉంది. మొదటిది, జీపీఎస్ ఇచ్చే సమయమే తప్పవుతుంది. ఆ సమయం మీద టెలికాం నెట్‌వర్కులు, విద్యుత్ గ్రిడ్లు ఆధారపడుతున్నాయి. రెండోది, ఉపగ్రహం ఎక్కడుందో రిసీవర్ ఆ సమయాన్ని బట్టే లెక్కగడుతుంది. 38 మైక్రోసెకన్లలో ఉపగ్రహం 15 సెంటీమీటర్లు కదులుతుంది. ఒక్క రోజుకు అది పెద్ద తప్పేమీ కాదు. నేల నుంచి ఎవరూ సరిదిద్దకపోతే ఏడాదికి గడియారం తేడా 14 మిల్లీసెకన్లు అవుతుంది, ఉపగ్రహం చోటు లెక్కలో 50 మీటర్లకు పైగా తప్పు చేరుతుంది.

అసలైన చిక్కు మాత్రం ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా ఉండే తేడాతోనే వస్తుంది. కక్ష్యలు పూర్తి వృత్తాలు కావు. ఉపగ్రహం భూమికి కాస్త దగ్గరగా వచ్చినప్పుడు వేగం పెరుగుతుంది, గురుత్వాకర్షణా పెరుగుతుంది. రెండూ కలిసి గడియారాన్ని మందగింపజేస్తాయి. దూరంగా జరిగినప్పుడు అది మళ్లీ పుంజుకుంటుంది. కక్ష్య కేవలం 2 శాతం సాగినా ఈ ఊగిసలాట అటూ ఇటూ 46 నానోసెకన్ల వరకు ఉంటుంది. దూరంలో చెప్పాలంటే 14 మీటర్లు. రోడ్డు ఈ పక్కన ఉన్నామో ఆ పక్కన ఉన్నామో తెలియకుండా చేయడానికి అది చాలు. ఒక్కో ఉపగ్రహం ఒక్కో దశలో ఉంటుంది కాబట్టి రిసీవర్ దీన్ని గంపగుత్తగా తీసేయలేదు. కక్ష్య వివరాలను ఉపగ్రహమే ప్రసారం చేస్తుంది. వాటితో దిద్దుబాటును ఎప్పటికప్పుడు లెక్కగట్టుకునేది మన చేతిలోని రిసీవరే.

ఈ ఊగిసలాట 2014లో ఒక ప్రమాదం పుణ్యమా అని స్పష్టంగా కనిపించింది. యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాలు రెండు ఆ ఆగస్టులో పొరపాటున బాగా సాగిన కక్ష్యల్లోకి చేరాయి. వాటి గడియారాల ఊగిసలాట దాదాపు 370 నానోసెకన్లకు చేరింది. శాస్త్రవేత్తలు ఆ అవకాశాన్ని వదులుకోలేదు. ఆ గడియారాలను దీర్ఘకాలం గమనించి, గురుత్వాకర్షణ కాలం మీద చూపే ప్రభావాన్ని అంతకు ముందెన్నడూ లేనంత కచ్చితంగా పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. ఐన్‌స్టీన్ లెక్క నిలబడింది.

మన నావిక్ ఉపగ్రహాలదీ ఇదే లెక్క, అంకెలే వేరు. అవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వేగం వల్ల రోజుకు సుమారు 4.5 మైక్రోసెకన్లు వెనక్కి, ఎత్తు వల్ల 51 ముందుకు, నికరంగా 46.5 ముందుకు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. అంతకు ముందు ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో ఉన్న దిగుమతి గడియారాలు మూడూ పాడైపోయి, ఆ ఉపగ్రహం దారి చూపే పనికి పనికిరాకుండా పోయింది.

ఈ రెండు రకాల తేడాలకూ పోలిక లేదు. వేగం వల్ల, ఎత్తు వల్ల వచ్చే తేడా ఎంత పెద్దదైనా ముందే తెలుస్తుంది, ముందే తీసేయవచ్చు. గడియారం సొంత తడబాటుకు మాత్రం సూత్రం లేదు. అందుకే నేల మీది కేంద్రాలు ప్రతి గడియారాన్నీ నిరంతరం కొలుస్తూ కొత్త దిద్దుబాట్లు పైకి పంపుతూనే ఉంటాయి. సాపేక్షత లెక్క తీసేశాక కూడా ఏదైనా గడియారం తోటివాటి నుంచి పక్కకు జరుగుతుంటే, లోపం గడియారంలోనే ఉందని వాళ్లకు అర్థమవుతుంది.