మెమో ఫొటోల 7.1 కనబడితె నమ్మకుండ్రి

చర్ల దిక్కు అడవి ఊరి పిల్ల ఒకామె గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. అసలు పదో తరగతి మెమో కాలేజీల ఉన్నది, చేతిల ఉన్నది ఫోన్ల ఫొటోనే. మడత మీద గీత పడ్డది. ఫారం నింపేటాయన జీపీఏ 7.1 అని కొట్టిండు.

ఈ ఉద్యోగానికి రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే ఆధారం. గ్రేడ్లే ఉన్న మెమోలకు పాయింట్లను 9.5తో హెచ్చిస్తరు. 7.1 అయితె 67.45, 7.7 అయితె 73.15. ఒక్క అంకె తోని దాదాపు 6 మార్కులు పోతయి.

నేను ఆ ఫొటో చూసి 7.1 కాదన్న. ఎట్లంటరా? తెలంగాణ మెమోల సబ్జెక్టులు 6. ఏ1కు 10 పాయింట్లు, ఏ2కు 9, బీ1కు 8, బీ2కు 7, సీ1కు 6, సీ2కు 5, డీకి 4. ఆరింటినీ కలిపి 6తో భాగిస్తె జీపీఏ. ఆరుతో భాగించినప్పుడు చుక్క తర్వాత వచ్చేది 0, 2, 3, 5, 7, 8 మాత్రమే. 1, 4, 6, 9 రావు. అందుకే 7.1 ఉండనే ఉండదు.

ఇగ వరుసగ రాసుకున్నం. తెలుగు ఏ2, హిందీ బీ1, ఇంగ్లీషు బీ1, లెక్కలు సీ1, సైన్స్ బీ2, సోషల్ ఏ2. అంటె 9, 8, 8, 6, 7, 9. మొత్తం 47, జీపీఏ 7.8. మెమో మీద ఉన్నది 7.7 అనుకుంటె మొత్తం 46 కావాలె. ఒక్క పాయింటు ఎక్కువైంది. అంటె ఏదో ఒక గడిల 2ను 1 అని చదివినం. పెద్దగ చేసి చూస్తె ఇంగ్లీషు గడి మీదనే మడత గీత ఉన్నది. అది బీ2. ఇప్పుడు 46, 7.7. లెక్క కలిసింది.

రెండు జాగ్రత్తలు. మెమోల కింద విలువల విద్య, కళలు, పని, ఆటలకు వేరే గ్రేడ్లు ఉంటయి. అవి జీపీఏల కలువయి, వాటిని కలిపితె లెక్క తప్పుతది. ఇంకోటి, ఒక గడిల ఒకటి పెంచి, ఇంకో గడిల ఒకటి తగ్గించి చదివితె మొత్తం అట్లనే ఉంటది. లెక్క ఈ తప్పును పట్టలేదు. అందుకే ప్రతి గడిని ఇద్దరు వేరువేరుగ చదివి రాసుకోవాలె, తర్వాత పోల్చాలె.

2025 నుంచి మెమోలల్ల జీపీఏ తీసేసిన్రు, సబ్జెక్టు వారీగ మార్కులు, గ్రేడ్లు ఇస్తున్నరు. కానీ అంతకు ముందు పాసైన పిల్లలకు ఆ పాత మెమోనే దిక్కు. ఫారం మీద ఒకటి, అసలు మెమో మీద ఒకటి ఉంటె పత్రాలు చూసే దగ్గర ఉద్యోగం చేతికొచ్చినట్టే వచ్చి పోతది. ఫారం పంపే ముందు ఆరు గ్రేడ్లు కూడి 6తో భాగించుకోండ్రి. రెండు నిమిషాల పని.