కిలో కందిపప్పు: మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలా, సొంత వెబ్‌సైటా?

మాది పాతబస్తీలోని హుస్సేనీ ఆలం. మా అన్నయ్య తాండూరు వైపు ప్రకృతి వ్యవసాయంలో కంది పండిస్తాడు. పప్పు పట్టించి పంపిస్తే నేను ఇంట్లోనే ప్యాక్ చేసి అమ్ముతాను. మొదట్లో అన్నయ్య "ఆన్‌లైన్ల పెడితే అయిపోతది గదా చెల్లె" అన్నాడు. వీడియోలో ప్యాకింగ్ చూపించాను, ఇక్కడ లెక్క చెబుతాను.

ముందు ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాను. కిలో ధర 240 రూపాయలు. పప్పుకు 160, కవరు, లేబుల్‌కు 15 అయ్యాయి. కమిషన్, రవాణా, వాటి మీద జీఎస్టీ కలిపి 75 పోయింది. అంటే ప్రతి కిలోకు 10 రూపాయలు నష్టం! అమ్మకాలు బాగున్నాయని సంబరపడ్డాను, బ్యాంకులో పడిన డబ్బు చూశాకే తెలిసింది. కారణం ఏంటంటే పప్పు బరువెక్కువ, ధర తక్కువ. రవాణా ఛార్జీ బరువును బట్టి పడుతుంది. రెండు కిలోల ప్యాకెట్ 480కి పెడితే పప్పు 320, ప్యాకింగ్ 20, కోతలు 100 పోయి 40 మిగిలాయి.

తర్వాత సొంత సైట్ పెట్టాను. అదే కిలోలో పేమెంట్ ఛార్జీ సుమారు 6 రూపాయలు పోగా 59 మిగులుతుంది. పార్సిల్ ఖర్చు కొనేవాళ్లదే. డొమైన్, హోస్టింగ్‌కు నాకు ఏడాదికి 3000 అయింది. అది తిరిగి రావాలంటే 51 కిలోలు అమ్మాలి. పది ఇళ్లు నెలకో కిలో కొంటే ఐదు నెలలు దాటగానే వచ్చేస్తుంది. పైగా కొన్నవాళ్ల ఫోన్ నంబరు మన దగ్గరే ఉంటుంది. జనవరిలో కొత్త పప్పు రాగానే కబురు పెట్టొచ్చు.

కానీ సొంత సైట్‌కు జనం వాళ్లంతట వాళ్లు రారు. నాకు చుట్టుపక్కల గల్లీల్లో వాడుక ఇళ్లు ముందే ఉన్నాయి కాబట్టి నడిచింది. అవి లేనివాళ్లు ములగాకు పొడి లాంటి తేలికైన, ధర పలికే సరుకుతో మార్కెట్‌ప్లేస్‌లో మొదలుపెట్టడం మేలు.

ఎక్కడ అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎమ్మార్పీ లేబుల్ మీద ఉండాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారు, సొంత రాష్ట్రంలోనే సరుకు పంపితే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముకోవచ్చు. ఇలాంటి ప్యాకెట్ సరుకు వేరే రాష్ట్రానికి పంపాలంటే మాత్రం, సొంత సైట్ అయినా సరే, రిజిస్ట్రేషన్ కావాలి.

కాబట్టి ఎక్కడైనా పెట్టే ముందు ఒక్క ప్యాకెట్‌కు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. చివర మిగిలేది చూశాకే నిర్ణయించుకోండి.